బెల్టు ఆపింది ఎవలు?

ఇంటర్వ్యూలో రాజక్క అబద్ధమాడిందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. మొన్న మందమర్రి సంతలో ఉల్లిగడ్డలు ఏరుకుంటూ ఒకడు నా ముందే అన్నాడు. చేతిలో ఉన్న సంచి వాడి మొహాన కొడదామనిపించింది. కోపం చల్లారాక ఈ సంగతి చెబుదామని ఇన్నేళ్లు ఆగాను. అది చల్లారే కోపం కాదని తెలిసింది. అందుకే వేడిమీదే చెబుతున్నాను.

నా పేరు సరోజన. బొగ్గు కంపెనీ పిల్లల గదిలో పనిచేసేదాన్ని. గనిపైన కూలికి వచ్చే ఆడవాళ్లు చంటిపిల్లల్ని పొద్దున్నే నా దగ్గర దించి పోయేవాళ్లు. మధ్యాహ్నం గంట కొట్టగానే పాలివ్వడానికి పరుగెత్తుకొచ్చేవాళ్లు. ఏడో తరగతి చదివాను కనుక, ఆ పని కోసం ముగ్గురు ఆఫీసర్ల ముందు కూర్చుని లేచాను కనుక, అక్కడి ఆడవాళ్లలో ఇంటర్వ్యూ అంటే ఏమిటో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అదేం గొప్ప కాదు. ఇంకెవరినీ ఆ గడప తొక్కనివ్వలేదు, అంతే.

రాజక్క బొగ్గులో రాయి ఏరేది. గనిలోంచి వచ్చిన బొగ్గు పెద్ద జల్లెళ్ల మీద పడి, పొడి కిందికి రాలిపోయి, గడ్డలు రబ్బరు బెల్టు మీద కదులుతూ వస్తాయి. బెల్టుకు రెండు పక్కలా ఆడవాళ్లు నిలబడి, బొగ్గుతో కలిసి వచ్చిన రాయిని చేత్తో ఏరి పక్కకు పడేయాలి. ఏరకపోతే రాయి వ్యాగన్లోకి పోతుంది, కొన్నవాడు గోల పెడతాడు, ఆ గోల తిరిగి తిరిగి ఈ ఆడవాళ్ల నెత్తినే పడుతుంది. రాజక్కది జగిత్యాల దిక్కు పల్లె. పెళ్లయి మందమర్రికి వచ్చింది. మగడు అంకయ్య గని లోపల బొగ్గు నింపేవాడు. చిన్నకొడుకు ముత్యం నా గదిలోనే నడక నేర్చాడు. రాజక్క మనిషి పొడుగు, మాట పొట్టి. ఒకరి మీద అరవగా నేను చూడలేదు. కాని బెల్టు దగ్గర ఏ ఇద్దరు జుట్టూ జుట్టూ పట్టుకున్నా, మిగతావాళ్లు ముందు చూసేది రాజక్క మొహం వైపే.

ఆ ఆడవాళ్ల మీద జమేదారు బుచ్చిరాములు. వాడు ఆడింది ఆట, పాడింది పాట. బెల్టు మొదట్లో నిలబడితే దుమ్మంతా నోట్లోకి, పెద్ద రాళ్లన్నీ చేతుల మీదికి వస్తాయి. చివర నిలబడితే కాస్త నయం. ఎవరు వాడి మోటు మాటలకు నవ్వితే వాళ్లు చివరికి, నవ్వనివాళ్లు మొదటికి. బాలింతలని కూడా చూసేవాడు కాదు. వాడి పేరు రాస్తుంటేనే నాకు పళ్లు కొరుక్కోబుద్ధవుతుంది.

అరవై నాలుగులో, వానలు మొదలైన కొత్తలో, ఆఫీసు ముందు పలక మీద ఒక ప్రకటన అంటించారు. రాయి ఏరే ఆడవాళ్ల మీద సూపర్వైజరుగా ఆడమనిషినే పెడతారట. వచ్చినవాళ్లలో తగినవాళ్లు లేకపోతే ఇప్పుడున్న ఏర్పాటే సాగుతుందట. అంటే బుచ్చిరాములే. ఇక దాని కింది ముక్క చదివాక నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నలుగురి చేత పనిచేయించిన అనుభవం ఉండాలట! ఆ కంపెనీలో ఆడదానికి నలుగురి మీద కాదు, ఒక పిల్లి మీద కూడా పెత్తనం ఇచ్చిన పాపాన పోలేదు. మరి అనుభవం ఎక్కడినుంచి వస్తుంది? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే.

అంతే వేగంగా పోయి వెల్ఫేరు ఆఫీసరును అడిగాను. హైదరాబాదు నుంచి వచ్చిన చిన్నవయసు మనిషి. నేను అరిచిందంతా విని, "జర ఠైరో అమ్మా. పదవి లేకున్నా మనుషుల్ని ఒకతాటి మీద నడిపించిన సంగతులు ఉంటయ్ గద. అవే చెప్పమను. మేనేజరు సాబ్ ఒప్పుకున్నడు. కాని ఉత్త మాటలు కాదు, జరిగినయ్ చెప్పాలె" అన్నాడు.

జరిగినవా! రాజక్క దగ్గర వాటికి కరువేముంది?

ఆఫీసులో ఆమె పేరు ఇచ్చి, ఆ మధ్యాహ్నం నుంచే ఇంటర్వ్యూకు తయారీ మొదలుపెట్టాం. ఆడవాళ్లు గోడకు ఆనుకొని పిల్లలకు పాలిస్తుంటే, రాజక్క ముత్యానికి జొన్న గట్క తినిపిస్తుంటే, నేను ఆఫీసరులాగా స్టూలు మీద కూర్చునేదాన్ని.

"అక్కా, ఏది జెప్పినా మూడు ముక్కలు జెప్పాలె. ముందుగాల ఏమైందో జెప్పు. ఎన్క నువ్వేం జేసినవో జెప్పు. ఆఖరుకు ఏం ఫాయిద అయిందో జెప్పు. గంతే. బెల్టు కాడ వంతులు పెట్టిన సంగతి జెప్పు సూద్దాం."

అది మంచి సంగతి. బుచ్చిరాములు ఒక ఎండాకాలమంతా సెలవు మీద ఊరికి పోయినప్పుడు మొదట్లో ఎవరు నిలబడాలని రోజూ కొట్లాటే. రాజక్క తనంతట తానే వారం రోజులు మొదట్లో నిలబడింది. తర్వాత అందరికంటే గయ్యాళులైన ఇద్దరిని పక్కకు పిలిచి, రోజుకొక తావు జరుగుతూ పోదామని ముందు వాళ్లను ఒప్పించింది. వాళ్లు ఒప్పుకున్నాక అడ్డం చెప్పేవాళ్లెవరు? కొట్లాటలు ఆగిపోయాయి. వ్యాగన్లలో రాయి తగ్గిందని ఆ నెల ఇంజనీరే అన్నాడు.

ఇంత కథ ఉంది కదా, రాజక్క చెప్పింది ఇది:

"కొట్లాటలయినయ్. అందరం అనుకున్నం. వంతులు పెట్టుకున్నం. మంచిగయింది."

"అందరం అనుకున్నరా? నువ్వేం జేసినవ్?"

"అందరం జేసినం."

"అందరంటే ఎవలక్కా? ఒక్క పేరు జెప్పు!"

రాజక్క ముత్యం నోట్లో ఇంకో ముద్ద పెట్టింది. నాకేమో గోడకు చెప్పుకున్నట్టుంది.

సరే అని కొంగుల సంగతి అడిగాను. బెల్టు కింద తిరిగే రోలర్లలాంటి ఇనప దుండ్లలో చీరకొంగు పడితే మనిషిని లాక్కుపోతుంది. ఆదిలాబాదు మరాఠీ ఆడవాళ్లలాగా గోచీ పోసి కట్టుకుందామని రాజక్క అంటే, మగవాళ్లు నవ్వుతారని ఒక్కరూ ఒప్పుకోలేదు. అప్పుడు రాజక్క బెల్టు దగ్గర అందరికంటే పెద్దదైన ఐలవ్వ ఇంటికి పోయి, ఆమెను బతిమాలి, ముందుగా ఆమె చేత కట్టించింది. అరవై ఏళ్ల ముసలామె గోచీ పోసి కొంగు నడుముకు చుట్టి వస్తే ఏ మగాడు నవ్వుతాడు? మర్నాటి నుంచి ఒక్కరొక్కరే కట్టారు.

"ఐలవ్వే కట్టింది. జూసి అందరం కట్టినం" అంది రాజక్క.

పక్కనే మనవరాలిని ఊపుతున్న ఐలవ్వ కూడా, "అవ్, అందరం కట్టినం" అని వంత పాడింది.

నేను స్టూలు తన్నేసి లేచాను. "మీ అందరానికో దండం! గా ఆఫీసర్లు అందరికీ కలిపి ఒక్క కుర్చీ ఎయ్యరు. ఒక్కదానికే ఏస్తరు. 'నేను' అనేటందుకు నోరు రాకపోతే పో, బుచ్చిరాములు కాళ్లు మొక్కుకుంట బతుకుపో!"

అప్పుడు వచ్చింది రాజక్కకు కోపం. నేనెరిగి అది మొదటిసారి. ముత్యాన్ని దించి నా ముందుకు వచ్చి నిలబడింది.

"అందరం అనుడు నీకు నవ్వులాటగుందా? మా బాపు గా మాట కోసం బొక్కలిరగ్గొట్టిచ్చుకున్నడు."

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు సంగతి. వాళ్ల ఊళ్లో దొర గడీ వెనక వడ్ల పాతర ఉండేది. కరువులో ఊరంతా పోయి పాతర తెరిచి వడ్లు పంచుకుంది. తర్వాత పోలీసులు వచ్చి మగవాళ్లను ఎండలో వరసగా కూర్చోబెట్టారు. ముందు నడిచింది ఎవరు, ఒక్క పేరు చెప్పండి, మిగతావాళ్లను వదిలేస్తాం అన్నారు. రాజక్క తండ్రి ఎల్లేశం "అందరం" అన్నాడు. కొట్టారు. పక్కవాడిని అడిగారు. అతనూ "అందరం" అన్నాడు. ఊరి చివరి ఇంటిదాకా అదే మాట. పేరు చెప్పలేదు కనుక ఎవరినీ తీసుకుపోలేకపోయారు. ఎల్లేశం కుడిచెయ్యి మళ్లీ నాగలి పట్టలేదు. రాజక్కకు అప్పుడు పన్నెండు పదమూడేళ్లు. ఆ చేతికి పసుపు పట్టు వేసింది తనే.

"ఆఫీసరనేటోడు ఎవలు జేసిన్రు అని అడిగితే, మా ఊళ్లె పిల్లలు గూడ అందరం అంటరు. గీ బెల్టు మీద ఉన్నోళ్లంత గసువంటి ఊర్లోళ్లే" అంది.

 ఐలవ్వ కళ్లు తుడుచుకుంది. నా కోపం ఎక్కడికీ పోలేదు గాని, రాజక్క మీదినుంచి జరిగి ఇంకెవరి మీదికో పోయింది. భయపెట్టి ఒక మాట నేర్పిస్తారు, నేర్చుకున్నాక ఆ మాట పనికిరాదంటారు. ఏం మనుషులు!

నెమ్మదిగానే అన్నాను. "అక్కా, బాపు దాసింది పక్కోని పేరు. నువ్వు జెప్పేది నీ పేరు. పక్కోని పేరు జెప్తె ద్రోహం. నీ పేరు నువ్వు జెప్పుకుంటె ఎవలకు నష్టం? ఐలవ్వ కట్టింది అనే జెప్పు. కాని ఐలవ్వ ఇంటికి పోయింది ఎవలు?"

రాజక్క ముత్యాన్ని మళ్లీ ఎత్తుకుంది.

"నేను" అంది. బాకీ ఒప్పుకున్నట్టు అంది. అయినా అంది.

ఆ తర్వాత పని సాఫీగా సాగింది. రోజూ మధ్యాహ్నం నేను అడగడం, ఆమె చెప్పడం. "అందరం" అని నోరు జారితే ఐలవ్వే ముందు అరిచేది. రేపు నీతోటి వాళ్లు ఆలస్యంగా వస్తే ఏం చేస్తావని అడిగాను. "నలుగురి ముంగట అడగ. పక్కకు పిలిచి ఏమైందని అడుగుత. మల్ల మల్ల అయితే నా కడుపుల దాసుకోను, పైకి జెప్త" అంది. ఐలవ్వ అయితే? "ఐలవ్వయినా గంతే" అంది. ఐలవ్వ "అబ్బో!" అని మూతి తిప్పింది. బుచ్చిరాములు సంగతి అడిగితే మాత్రం తిట్టొద్దని నేనే నేర్పాను. వాడి తప్పులు లెక్కపెట్టడానికి కాదు నిన్ను పిలిచింది, నువ్వేం చేస్తావో చెప్పు అన్నాను. నాకే మింగుడుపడని మాట అది, అయినా నేర్పాను.

ఒక్క సంగతి మాత్రం వద్దనుకున్నాం. బెల్టు ఆపిన సంగతి.

అది రెండేళ్ల కిందటిది. బెల్టు కింది దుండ్లకు అడ్డంగా ఉండే ఇనప రేకు ఊడిపోయింది. బిగించమని ఆడవాళ్లు చెప్పినా బుచ్చిరాములు పట్టించుకోలేదు. దేవవ్వ అనే పిల్ల కొత్తగా పనిలో చేరింది. కింద పడిన రాయి తీయబోతే ఆ దుండ్ల మధ్య చేతి గాజులు పట్టుకున్నాయి. రాజక్క పరుగెత్తి, బెల్టు ఆపమని చెప్పే గంట తాడు లాగింది. మోటారు ఆగింది. గాజులు పగిలాయి, చెయ్యి చీరుకుపోయింది గాని దక్కింది. అంతవరకు ఎవరూ ఏమీ అనలేదు. కాని బుచ్చిరాములు వచ్చి, రేకు బిగించకుండానే మళ్లీ బెల్టు నడిపించాడు. అప్పుడు రాజక్క రెండు చేతులూ పైకెత్తి, "రేకు బిగిచ్చేదాంక ఎవలూ చెయ్యి పెట్టకుండ్రి" అంది. అందరూ చేతులెత్తారు. రాయి రాయిగానే వ్యాగన్లోకి పడుతుంటే ఇక మోటారు ఆపక తప్పలేదు. రేకు బిగించారు. ఆ పూట వ్యాగన్లు ఆలస్యమయ్యాయి. ఆపింది ఎవరని అప్పటి ఆఫీసర్లు విచారణ పెడితే, బెల్టు మీది ఆడవాళ్లంతా ఒక్కటే మాట అన్నారు. ఏ మాటో చెప్పక్కర్లేదు. రేకు సంగతి బయటపడుతుందని బుచ్చిరాములు కూడా రాజక్క పేరు ఎత్తలేదు.

పెత్తనం లేకుండా నలుగురిని నడిపించడమంటే అంతకంటే ఏముంటుంది? కాని అది చెబితే పని దొరకడం అటుంచి, ఉన్న పనే ఊడుతుందేమోనని మా భయం. అందుకే వద్దనుకున్నాం.

ఇంటర్వ్యూ రోజు పిల్లల్ని నా తోటి ఆయాకు అప్పగించి రాజక్క వెంట పోయాను. ఉతికిన నేతచీర, గోచీ పోసి కట్టింది, కొంగు నడుముకు. నేను వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. ఎవరూ పొమ్మనలేదు. అన్నా పోయేదాన్ని కాదు. లోపల మేనేజరు, ఇంజనీరు, వెల్ఫేరు ఆఫీసరు. మేనేజరు ఆ ఏడే వచ్చిన కొత్తమనిషి. గోడవారగా చేతులు కట్టుకొని బుచ్చిరాములు కూడా ఉన్నాడు. వాడినెందుకు పిలిచారో ఆ దేవుడికి తెలియాలి.

"నీ కింద ఎప్పుడైనా ఎవరైనా పనిచేశారా?" అని అడిగాడు మేనేజరు.

"లేరు సార్. నా కింద ఎవలూ లేరు. కాని నా మాట ఇని పని జేసిన్రు" అంది రాజక్క.

నాకు గుండె నిండింది. వంతుల సంగతి చెప్పింది. ఒకచోట "అందరం" అని మొదలుపెట్టి ఆగి, "గా ఇద్దరిని నేను ఒప్పిచ్చిన" అంది. కొంగుల సంగతి చెప్పింది. ఇంజనీరు తలూపాడు. ఎవరైనా మాట వినకపోతే ఏం చేస్తావని అడిగితే, "ఎందుకింటలేదో ముందుగాల నేనింట" అంది. అది నేను నేర్పింది కాదు.

అప్పుడు బుచ్చిరాములు ముందుకు వంగి, "దొరా, రెండేండ్ల కింద బెల్టు ఆపింది ఎవలో అడుగుండ్రి" అన్నాడు.

మేనేజరు కాగితాల నుంచి తలెత్తాడు. "ఏమిటది? బెల్టు ఆపింది ఎవరమ్మా?"

రాజక్క వీపు నాకు కనిపిస్తోంది. ఆ ప్రశ్న ఆమె చెవికి ఏ గొంతుతో వినబడిందో నాకు తెలుసు. ఎండలో వరసగా కూర్చున్న మగవాళ్లు, తండ్రి చెయ్యి. "అందరం" అంటే చాలు, గండం గడుస్తుంది. అక్కా, అందరం అనవే అని కిటికీ చువ్వలు పట్టుకొని నేనే అనుకున్నాను. ఇన్నాళ్లు ఆ మాట మాన్పించినదాన్ని నేనే!

రాజక్క బుచ్చిరాములు వైపు తిరిగింది. వాణ్ని చూస్తూనే చెప్పింది.

"నేను. గంట గుంజింది నేను. చేతులెత్తుండ్రి అన్నది నేను. రేకు లేదు. పోరి చెయ్యి చీరుకపోయింది. గయినా గీన బెల్టు నడిపిచ్చిండు. నేను ఆపిన. రేకు బిగిచ్చిన్రు. మల్ల గా తావుల ఎవలకూ దెబ్బ తాకలే."

మూడు ముక్కలూ ఉన్నాయి. నేను నేర్పినదానికంటే బాగా ఉన్నాయి.

బుచ్చిరాములు ఫక్కున నవ్వాడు. "అబద్ధం దొరా. గప్పుడు ఎంక్వైరీల ఒక్కతి పేరు గూడ రాలే. పని కోసం ఇప్పుడు తన మీదేసుకుంటుంది. ఎవలనన్న పిలిచి అడుగుండ్రి."

మేనేజరు ఐలవ్వను, దేవవ్వను పిలిపించాడు. అడగడం అతని వరకు న్యాయమే, అది నేను కాదనను. కాని ఎందుకు పిలిచారో వాళ్లకు ఒక్క ముక్క చెప్పలేదు. పని మధ్యలోంచి, బొగ్గు చేతులతో, జమేదారు కళ్ల ముందు తెచ్చి నిలబెట్టారు.

"ఆ రోజు బెల్టు ఆపింది ఎవరు?"

"అందరం దొరా" అంది ఐలవ్వ. రెప్ప కూడా వేయలేదు.

దేవవ్వను అడిగారు. ఆ చేతి మీద మచ్చ ఇంకా ఉంది. ఆ పిల్ల, కుర్చీలో బిగుసుకుపోయిన రాజక్కను చూసింది. ఏదో ఆపద వచ్చిందనుకుంది. గట్టిగా, ధైర్యంగా చెప్పింది. "అందరం ఆపినం దొరా. రాజక్కకేం తెల్వది. ఆమె ఏం జెయ్యలే."

నేను కిటికీలోంచి అరవబోయాను. అరిస్తే నేనే నేర్పి పంపానంటారని నోరు నొక్కుకున్నాను. ప్రాణం పెట్టి కాపాడుతున్నామనుకొని ఆమె నోట్లో మన్ను కొట్టారు. మేనేజరు కాగితం మూసి, "చేయని పని చేశానని చెప్పేవాళ్లు నాకు వద్దు" అన్నాడు.

బయటికి వచ్చాక నేను తిట్టని తిట్టు లేదు. ఐలవ్వను, దేవవ్వను, బుచ్చిరాములును, మేనేజరును.  రాజక్క సగం దారిలో ఆగి, "వాండ్లనెందుకు తిడ్తవే? పాపం, నన్ను దాసిన్రు" అంది. మరుక్షణమే గొంతు మారింది. "పని రాకపోతే పీడాపాయె. కాని నేను అబద్ధాలదాన్నా సరోజనా? బతుకుల ఒక్కసారి 'నేను' అన్న. ఒక్కసారి! గది గూడ అబద్ధమన్నరు." రోడ్డు మీద బొగ్గు పెళ్ల ఒకటి ఉంటే కాలితో ఈడ్చి తన్నింది.

మర్నాడు పొద్దున బుచ్చిరాములు ఆమెను బెల్టు మొదట్లో నిలబెట్టాడు. మధ్యాహ్నం గంట కొట్టినా వదల్లేదు, కింద పడిన రాయి ఎత్తమన్నాడు. మిగతా ఆడవాళ్లు నా గదికి వచ్చారు. తలుపు మూసి మొత్తం చెప్పాను. నెమ్మదిగా చెప్పలేదు. "మీ అందరం మాట గామె మెడకు ఉరితాడయింది" అన్నాను.

దేవవ్వ మొహం పాలిపోయింది. ఐలవ్వ తన నోటి మీద తానే కొట్టుకుంది. "ఆఫీసరు పేరడిగితే జెప్పద్దని మా అవ్వ నేర్పింది గదనే" అంది.  దేవవ్వ తన చంటిదాన్ని నా ఒళ్లో పడేసి లేచింది. తలుపు తీసుకొని ఆఫీసు వైపు నడిచింది. ఐలవ్వ లేచింది. తర్వాత మిగతావాళ్లు. నేనూ ఆ చంటిదాన్ని చంకనేసుకొని వెనకాలే పరుగెత్తాను.

మేనేజరు భోజనానికి పోబోతూ వరండాలో ఉన్నాడు. మమ్మల్ని చూసి మొహం గంటు పెట్టుకున్నాడు.

"బెల్టు ఆపింది రాజక్క, సార్" అంది ఐలవ్వ.  తన బతుకులో ఒక ఆఫీసరుకు ఒక మనిషి పేరు చెప్పడం ఆమెకు అదే మొదలు.

"రాజక్క" అంది ఆమె పక్కామె. "రాజక్క" అంది ఆ పక్కామె. కొందరు నేల చూస్తూ అన్నారు. కొందరు ఏడుస్తూ అన్నారు. వరస చివరిదాకా అదే పేరు.

"మరి నిన్న అందరం అన్నారుగా?"

"రాజక్కను వట్టుకపోతరనుకున్నం" అంది ఐలవ్వ. "పని ఇస్తరని మాకేం ఎరుక? పేరడిగి పని ఇచ్చినోన్ని మేము జూడలే."

 వెల్ఫేరు ఆఫీసరు కూడా బయటికి వచ్చి నిలబడ్డాడు. అప్పుడు మేనేజరు అడిగాడు. గొంతులో అనుమానం ఇంకా పోలేదు.

"సరే. ఇప్పుడు మిమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చింది ఎవరు? రాజక్కేనా?"

అందరి పెదాల మీదికీ ఆ పాత మాట వచ్చేసింది. నాకు కనిపించింది. నా పెదాల మీదికి కూడా వచ్చింది, అబద్ధమెందుకు.

దేవవ్వ వరసలోంచి ఒక అడుగు ముందుకు వేసింది. మచ్చ ఉన్న చేత్తో కొంగు బిగించుకుంది.

"నేను దెచ్చిన, సార్. నా పేరు దేవవ్వ. రాజక్కకేం తెల్వది."

మేనేజరు ఆ పిల్లను చూశాడు, ఆ చేతిని చూశాడు. వెల్ఫేరు ఆఫీసరు వైపు తిరిగి, "రాజక్కను పిలవండి. నిన్న మూసిన కాగితం కూడా తెండి" అన్నాడు.